చెంపల మీద ఖాళీలు

మా మేనల్లుడు రెండేళ్ల కిందట కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. అప్పటికి వాడికి 22 ఏళ్లు, వరంగల్లో బీటెక్‌ ఆఖరి ఏడాది. మండల దీక్షలో 41 రోజులు బ్లేడు గానీ కత్తెర గానీ ముఖానికి తగలకూడదు కదా. శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక, సెలూన్‌కి వెళ్లే ముందు అద్దం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"మామయ్యా, నాతోపాటు మాల వేసుకున్న వాళ్లందరికీ గడ్డం నిండుగా వచ్చింది. నాకేంటి ఇలా ఎలక కొరికినట్టు ఉంది?" అన్నాడు. నవ్వుతూనే అడిగాడు గానీ గొంతులో నవ్వు లేదు. కాలేజీలో ఫొటోలు దిగేటప్పుడు వాడు కుడివైపుకే తిరుగుతాడని మా అక్క తర్వాత చెప్పింది.

గడ్డం సగటున రోజుకు మిల్లీమీటరులో మూడో వంతు పెరుగుతుంది. ఆ లెక్కన 41 రోజులకు ఒకటింబావు సెంటీమీటరు పైన ఉండాలి. వాడి చుబుకం మీద, దవడ అంచు వెంట సరిగ్గా అంతే ఉంది. అంటే పెరిగే వేగంలో లోటేమీ లేదు. మీసం కూడా ఫర్వాలేదు. మీసం కొస నుంచి గడ్డంలోకి దిగాల్సిన గీత మాత్రం రెండు పక్కలా తెగిపోయింది. ఎడమ చెంప నడుమ బొటనవేలు ఆనించేంత ఖాళీ, కుడి చెంప మీద అంతకన్నా కాస్త చిన్నది. ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు చాలామంది ఈ పటాన్ని చూడగానే తమ ముఖంలా ఉందనుకుంటారు. గడ్డం అతకని చోట్లు చాలామందిలో ఇవే.

వాణ్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చెంపను పక్కవెలుగులోకి తిప్పమన్నాను. ఖాళీ అనుకున్న చోట నిజానికి ఖాళీ లేదు. పీచులాంటి, రంగు లేని సన్నటి నూగు మెరిసింది. పన్నెండు, పదమూడేళ్ల పిల్లల పైపెదవి మీద కనిపించే ఆ నూగునే మనం నూనూగు మీసాలు అంటాం. చెంప మీద వెంట్రుక కుదుళ్లు పుట్టుకతోనే వచ్చేశాయి, పిండంగా ఉన్నప్పుడే వాటి లెక్క తేలిపోయింది. గడ్డం రావడమంటే కొత్త కుదుళ్లు పుట్టడం కాదు. అక్కడే ఉన్న కుదురు నూగు వెంట్రుకను మానేసి నల్లటి, లావాటి, లోతుగా పాతుకున్న వెంట్రుకను తయారు చేయడం మొదలుపెట్టడం. మా వాడి చెంప నడుమ కుదుళ్లు ఇంకా ఆ మార్పుకు లోనుకాలేదు. వాడి ప్రశ్నకు సగం జవాబు ఇదే.

మార్పు చేసేది మగ హార్మోన్లని అందరికీ తెలుసు. అక్కడే ఒక పొరపాటు ఆలోచన కూడా పుడుతుంది. గడ్డం పల్చగా ఉందంటే మగతనపు హార్మోన్‌ తక్కువగా ఉందని కుర్రాళ్లు తమలో తాము కుమిలిపోతారు. ఒక్కసారి ఆలోచించండి. చుబుకానికి, చెంపకు, నెత్తికి అందుతున్నది ఒకే రక్తం, అందులో ఉన్నది ఒకే మోతాదు టెస్టోస్టిరాన్‌. ఆ రక్తంతోనే చుబుకం మీద గడ్డం గుబురుగా వస్తోంది. రెండంగుళాల పైన చెంప మీద రావడం లేదు. మరికొన్నేళ్లకు అదే హార్మోన్‌ వల్ల నెత్తి మీద జుట్టు రాలిపోతుంది. తేడా రక్తంలో ఉంటే ఇలా జరగదు. తేడా కుదురులో ఉంది. హార్మోన్‌ ఇచ్చే కబురును ఏ కుదురు ఎంత గట్టిగా వింటుంది, విన్నాక ఏం చేస్తుంది అన్నది ఆ కుదురు స్వభావం.

కబురు చేరడంలోనూ ఒక మెట్టు ఉంది. టెస్టోస్టిరాన్‌ కుదురులోకి వెళ్లాక అక్కడున్న ఒక ఎంజైమ్‌ దాన్ని డీహెచ్‌టీ అనే మరింత చురుకైన హార్మోన్‌గా మారుస్తుంది. గడ్డాన్ని నిజంగా పెంచేది ఈ డీహెచ్‌టీయే. దీన్ని ప్రపంచానికి తేటగా చూపించినవాళ్లు డొమినికన్‌ రిపబ్లిక్‌లో ఒక మారుమూల పల్లెకు చెందిన కొన్ని కుటుంబాల మగవాళ్లు. ఆ ఎంజైమ్‌ సరిగా పనిచేయని లోపం వాళ్లకు వంశపారంపర్యంగా వచ్చింది. పుట్టినప్పుడు ఆడపిల్లలనుకుని పెంచిన పిల్లలు యుక్తవయసులో మగవాళ్లుగా ఎదిగారు. గొంతు మారింది, కండ పెరిగింది, రక్తంలో టెస్టోస్టిరాన్‌ మామూలుగానే ఉంది. గడ్డం మాత్రం చాలా పల్చన, బట్టతల లేనే లేదు. జూలియన్‌ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం 1974లో దీన్ని ప్రచురించాక, గడ్డానికీ బట్టతలకూ డీహెచ్‌టీయే కీలకమని తేలిపోయింది. ఒకచోట పెంచుతుంది, ఇంకోచోట రాలుస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, కాసేపట్లో ఒక సీసా దగ్గర మనకు పనికొస్తుంది.

ఇక వంశం సంగతి. కుదురు స్వభావం తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తుంది. గడ్డం లేని తల్లి కూడా తన తండ్రి గడ్డాన్ని కొడుక్కి అందిస్తుంది. కాబట్టి నాన్న ముఖం ఒక్కటే చూస్తే లెక్క సరిపోదు, తాతలిద్దరినీ, మేనమామలనూ చూడాలి. ఇది ఒక జన్యువు ఆన్‌, ఆఫ్‌ చేసే పని కూడా కాదు. లాటిన్‌ అమెరికా దేశాల్లో ఆరు వేల మందికి పైగా జనం మీద జరిగి 2016లో వెలువడిన ఒక పెద్ద జన్యు పరిశోధనలో, గడ్డం చిక్కదనంతో సంబంధమున్న చోట్లు నాలుగు బయటపడ్డాయి. వాటిలో ఈడార్‌ అనే జన్యువు కథ ఆసక్తికరమైనది. దాని ఒక రూపం తూర్పు ఆసియా వాసుల్లో, అమెరికా ఖండపు ఆదివాసుల్లో ఎక్కువ. ఆ రూపం ఉన్నవాళ్లకు తలజుట్టు లావుగా, నిటారుగా ఉంటుంది, గడ్డం మాత్రం పల్చన. ఒకే జన్యువు తలకు ఒకటి, చెంపకు మరొకటి రాసిపెట్టింది. జపాన్‌లో గడ్డాలు సగటున పల్చగా ఉంటాయంటే అక్కడి మగవాళ్లకు హార్మోన్‌ తక్కువని కాదు.

ఇందులో వయసు కూడా కలిసే ఉంది. చాలామంది దాన్ని మరిచిపోతారు. గడ్డం ఒక వరసలో వస్తుంది. ముందు పైపెదవి మూలలు, తర్వాత పెదవంతా, ఆ తర్వాత కింది పెదవి కింద, చెవుల పక్కన, చివరికి చెంపలు, చుబుకం. మీసం 16 ఏళ్లకు వచ్చిందని చెంప కూడా 20కి నిండాలన్న నియమమేమీ లేదు. కుదుళ్లు ఒకదాని తర్వాత ఒకటి మారుతూనే ఉంటాయి. ముప్పై దాటాక కూడా గడ్డం చిక్కబడుతుంది. నేను మా వాడి చేత పెళ్లి ఆల్బమ్‌ తీయించాను. మా బావ పెళ్లినాటికి 25 ఏళ్లవాడు, చెంపలు నున్నగా ఉన్నాయి. గృహప్రవేశం ఫొటోలో 33 ఏళ్లు, చెంప సగం దాకా నల్లగా కమ్మింది. మా నాన్నది, అంటే వాడి తాతది, ముసలితనం దాకా చుబుకం గడ్డమే. ఈ మూడు ముఖాల్లో ఎవరిది ఎంత వాడికి వచ్చిందో ఆల్బమ్‌ చెప్పదు. కానీ 22 ఏళ్లకు పటం పూర్తి కాలేదని మాత్రం చెప్పింది.

మరి టెస్టోస్టిరాన్‌ పరీక్ష అక్కర్లేదా అంటే, ఒక్క గడ్డం కోసమైతే అక్కర్లేదు. గొంతు మారకపోయినా, చంకల్లో, పొత్తికడుపు కింద వెంట్రుకలు రాకపోయినా, రొమ్ములు పెరుగుతున్నా, వృషణాలు చిన్నవిగా ఉండిపోయినా అప్పుడు ఎండోక్రైనాలజిస్ట్‌ దగ్గరికి తప్పకుండా వెళ్లాలి. క్లైన్‌ఫెల్టర్‌ సిండ్రోమ్‌ లాంటివి చాలాసార్లు అలాగే బయటపడతాయి. ఇవేమీ లేకుండా, జిమ్‌లో ఎవరో చెప్పారని టెస్టోస్టిరాన్‌ ఇంజెక్షన్‌ వేయించుకోవడం మాత్రం ఘోరమైన తప్పు. బయటి నుంచి హార్మోన్‌ అందగానే మెదడు వృషణాలకు పని ఆపేయమని చెబుతుంది, వీర్యకణాల తయారీ పడిపోతుంది. వినని కుదురు అప్పుడు కూడా వినకపోవచ్చు. చెంప మీద నాలుగు వెంట్రుకల కోసం బిడ్డలు పుట్టే అవకాశాన్ని పణంగా పెట్టిన కుర్రాళ్లను డాక్టర్లు చూస్తూనే ఉన్నారు.

మందుల దగ్గరికి వెళ్లే ముందు ఒక జబ్బును పక్కకు తీసిపెట్టాలి. దాన్ని మన ఊళ్లలో పేనుకొరుకుడు అంటారు. పేను కొరకడం వల్ల రాదు, పేనుకు దీనితో ఏ సంబంధమూ లేదు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే పొరబడి వెంట్రుక కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. దీన్ని పుట్టుకతో వచ్చిన ఖాళీ నుంచి వేరుచేయడం పెద్ద కష్టం కాదు. పుట్టుక ఖాళీ ఎప్పుడూ ఉన్నదే, అంచులు మసకగా ఉంటాయి, ఇంచుమించు రెండు చెంపలకూ ఉంటుంది, లోపల నూగు కనిపిస్తుంది. పేనుకొరుకుడు నిన్న మొన్నటిదాకా గడ్డం ఉన్న చోటే ఉన్నట్టుండి వస్తుంది. రూపాయి బిళ్ల పెట్టి గీసినట్టు గుండ్రంగా, అద్దంలా నున్నగా ఉంటుంది. అంచుల్లో పైన లావుగా, మొదట్లో సన్నగా ఉండే పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి.

దీనికి వెల్లుల్లి రుద్దేవాళ్లు, బ్లేడుతో గీరేవాళ్లు, జీడిరసం పూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మచ్చ పడే ప్రమాదం తప్ప వాటివల్ల ఒరిగేది లేదు. కొందరిలో వెంట్రుకలు వాటంతటవే తిరిగి వస్తాయి, ఆ పేరు వెల్లుల్లి కొట్టేస్తుంది. తగ్గనప్పుడు స్కిన్‌ డాక్టర్లు మచ్చలోకి చాలా సన్నటి సూదితో కొద్దికొద్దిగా స్టిరాయిడ్‌ ఎక్కిస్తారు, లేదా పూతమందు ఇస్తారు. మెడికల్‌ షాపులో అడిగి తెచ్చుకున్న స్టిరాయిడ్‌ క్రీమును నెలల తరబడి పూస్తే చెంప చర్మం పలచబడి ఎర్రటి నరాలు తేలతాయి. దురద, పొక్కులు, చీము ఉంటే అది ఇంకో జబ్బు, తామర లాంటి ఫంగస్‌ కావచ్చు. దానికీ డాక్టరే.

మా వాడిది పేనుకొరుకుడు కాదని తేలిపోయింది గనక, ఇక పూతల సంగతి చూద్దాం. వాడి షెల్ఫులో అప్పటికే మూడు సీసాలు ఉన్నాయి. ఒకటి ఉల్లిపాయ నూనె, ఒకటి ఆముదం కలిపిన గడ్డం నూనె, మూడోది ఏదో సీరం. వాటితోపాటు బయోటిన్‌ మాత్రలు. సెలూన్‌లో అన్న చెప్పాడని రోజు విడిచి రోజు గీయడం కూడా చేసి చూశాడు. గీస్తే గడ్డం చిక్కబడుతుందన్న నమ్మకం మన తాతల నాటిది, అన్ని దేశాల్లోనూ ఉంది. మిల్డ్రెడ్‌ ట్రాటర్‌ అనే అమెరికన్‌ శాస్త్రవేత్త 1928లోనే వెంట్రుకల్ని కొలిచి, గీయడం వల్ల లావూ మారదు, వేగమూ మారదని తేల్చింది. గీసిన వెంట్రుక కొస మొద్దుబారి ఉంటుంది. అందుకే చేతికి గరుగ్గా, కంటికి నల్లగా అనిపిస్తుంది. వెంట్రుక తయారయ్యేది చర్మం లోపల, బ్లేడు తిరిగేది పైన.

నూనెలు ఉన్న వెంట్రుకను మెత్తగా, నిగనిగలాడేలా ఉంచుతాయి. చర్మం పొడిబారకుండా చూస్తాయి. ఆ పని కోసం వాడితే మంచిదే. నూగును గడ్డంగా మార్చే శక్తి మాత్రం వాటికి లేదు. బయోటిన్‌ లోపం ఉన్నవాళ్లకు బయోటిన్‌ పనిచేస్తుంది, మామూలుగా తినేవాళ్లలో ఆ లోపం అరుదు. పైగా ఎక్కువ మోతాదు బయోటిన్‌ థైరాయిడ్‌ వంటి రక్తపరీక్షల ఫలితాలను తారుమారు చేస్తుంది. రక్తం ఇచ్చే ముందు ఆ మాత్రలు వేసుకుంటున్నట్టు ల్యాబులో చెప్పాలి.

మిగిలింది మినాక్సిడిల్‌. గడ్డం విషయంలో కాస్త ఆధారమున్న పూతమందు ఇదొక్కటే, అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఇది మొదట జుట్టు మందు కాదు, బీపీ మాత్ర. రక్తనాళాలను వెడల్పు చేసి మొండి రక్తపోటును దించుతుందని అమెరికాలో 1979లో అనుమతించారు. మింగిన రోగులకు నుదుటి మీద, చెంపల మీద, చేతుల మీద వెంట్రుకలు మొలిచాయి. ఆడవాళ్లకు అది పెద్ద బాధ అయింది. ఆ దుష్ఫలితాన్నే మందుగా మలిచి, నెత్తికి పూసే ద్రావణంగా 1988లో మగవాళ్ల బట్టతలకు అనుమతి తెచ్చారు. ముఖం మీద వెంట్రుకలు పెంచగలదన్న సంగతి ఆ విధంగా మొదటి రోజు నుంచీ తెలిసిందే.

ఇది హార్మోన్‌ కాదు, డీహెచ్‌టీని పెంచదు, తగ్గించదు. విశ్రాంతిలో ఉన్న కుదురును త్వరగా పనిలోకి లేపి, పని చేసే కాలాన్ని సాగదీస్తుంది. అయితే పూసినదాన్ని పూసినట్టే కుదురు వాడుకోలేదు. చర్మంలోని ఒక ఎంజైమ్‌ దాన్ని చురుకైన రూపంలోకి మార్చాలి. ఆ ఎంజైమ్‌ ఒకరిలో బాగా ఉంటుంది, ఇంకొకరిలో తక్కువ. ఒకే సీసా కొన్న ఇద్దరు స్నేహితుల్లో ఒకడికి పనిచేసి మరొకడికి చేయకపోవడానికి ముఖ్య కారణం ఇది. అక్కడ కూడా పుట్టుకే మాట్లాడుతోంది.

గడ్డానికి దీన్ని సరైన పద్ధతిలో పరీక్షించిన ప్రయోగం థాయ్‌లాండ్‌లో జరిగి 2016లో వెలువడింది. 48 మంది మగవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు 3 శాతం మినాక్సిడిల్‌, రెండో గుంపుకు చూడ్డానికి అలాగే ఉండే మందులేని ద్రావణం. పూటకు అర మిల్లీలీటరు, రోజుకు రెండు పూటలా, 16 వారాలు. ఎవరిది ఏ సీసాయో వాళ్లకూ తెలియదు, చూసే డాక్టర్లకూ తెలియదు. చివర్లో మందు పూసుకున్న గుంపులో వెంట్రుకల సంఖ్య, ఫొటోల్లో కనిపించే నిండుదనం రెండూ స్పష్టంగా మెరుగయ్యాయి. వెంట్రుక మందంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. దుష్ఫలితాలు స్వల్పం. ఇది మంచి ప్రయోగమే, కానీ చిన్నది, నాలుగు నెలల్లో ముగిసింది. ఆపేశాక ఆ వెంట్రుకలు జీవితాంతం ఉంటాయని అమ్మేవాళ్లు చెప్పే మాట వెనక అలాంటి ప్రయోగమేదీ లేదు. గడ్డానికి వాడొచ్చని లేబుల్‌ మీద అధికారికంగా అనుమతించిన మందు కూడా కాదిది. డాక్టరు తన విచక్షణతో రాసేదే.

మా వాడు డాక్టరు దాకా వెళ్లకుండా ముందు మెడికల్‌ షాపుకే వెళ్లాడు. "జుట్టు మందు, స్ట్రాంగ్‌ది" అని అడిగి తెచ్చుకున్నాడు. మూడు వారాలు పూశాక నాకు చూపించాడు. డబ్బా మీద 5 శాతం మినాక్సిడిల్‌, దాని కింద చిన్న అక్షరాల్లో ఫినాస్టరైడ్‌. బట్టతలకు మన దేశంలో ఈ రెండూ కలిపిన సీసాలు విరివిగా దొరుకుతాయి. ఫినాస్టరైడ్‌ చేసే పనేమిటంటే టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఎంజైమ్‌ను ఆపడం. నెత్తి మీద అది మేలు, డీహెచ్‌టీ అక్కడ జుట్టు రాలుస్తుంది గనక. చెంపకు అదే డీహెచ్‌టీ కావాలి. డొమినికన్‌ పల్లె మగవాళ్లకు పుట్టుకతో వచ్చిన లోపాన్నే మా వాడు డబ్బు పెట్టి కొని చెంపకు రాసుకుంటున్నాడు. పైగా ఫినాస్టరైడ్‌ కడుపులో ఉన్న మగబిడ్డ ఎదుగుదలకు ప్రమాదకరం. ఆ నెలలో మా పెద్ద మేనకోడలు కాన్పుకని పుట్టింటికి వచ్చి ఉంది, అన్నదమ్ముల తువ్వాళ్లు, దిండ్లు ఒక్కచోటే ఉండేవి. సీసా అదే రోజు చెత్తబుట్టలో పడింది.

తర్వాత స్కిన్‌ డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆయన డెర్మోస్కోప్‌ అనే చిన్న భూతద్దంతో చెంపను చూసి, నూగు ఉందని, పేనుకొరుకుడు గుర్తులు లేవని చెప్పారు. బీపీ, గుండె సంగతి అడిగారు, నాడి చూశారు. "ఇంకో అయిదేళ్లు ఆగితే చాలావరకు అదే వస్తుంది బాబూ. ఆగలేనంటే మందు రాస్తాను, ఆరు నెలలు ఓపిక పట్టాలి" అన్నారు. మా వాడు ఆగలేనన్నాడు. మినాక్సిడిల్‌ ఒక్కటే ఉన్న 5 శాతం ద్రావణం రాశారు. ముఖం కడిగి పూర్తిగా తుడుచుకున్నాక రెండు చెంపలకూ కలిపి అర మిల్లీలీటరు, మొదటి రెండు వారాలు రాత్రి ఒక్క పూట, తట్టుకుంటే తర్వాత రెండు పూటలు. పూశాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే పూసి ఆరనివ్వాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ రాదని, ఒంట్లోకి ఎక్కువ ఎక్కుతుందని ఒకటికి రెండుసార్లు చెప్పారు.

ఫొటోలు తీసే పద్ధతి కూడా ఆయనే చెప్పారు, అది నాకు బాగా నచ్చింది. నెలకొకసారి, అదే కిటికీ, అదే వేళ, ఫ్లాష్‌ లేకుండా. అన్నిటికన్నా ముఖ్యం, ఫొటోకు సరిగ్గా మూడు రోజుల ముందు నున్నగా గీసుకోవాలి. లేకపోతే ఒక నెల పొడుగు గడ్డం ఖాళీని కప్పేసి పెరిగినట్టు కనిపిస్తుంది, మరో నెల పొట్టిగా ఉండి నిరాశపరుస్తుంది.

మూడో వారంలో చెంప పొట్టు రేగింది, మంట. ద్రావణంలో కలిపే ప్రొపిలీన్‌ గ్లైకాల్‌ చాలామందికి పడదు. డాక్టరు నురగ రూపంలోని మందుకు మార్చారు, మంట తగ్గింది. అయిదో వారంలో ఉన్న నాలుగు వెంట్రుకలూ రాలుతున్నాయని ఫోన్‌ చేశాడు. పాత వెంట్రుకను తోసేసి కుదురు కొత్తది మొదలుపెట్టేటప్పుడు అలా రాలడం మామూలే. భయపడి మందు మానేసేవాళ్లు ఎక్కువగా మానేసేది ఇక్కడే. రెండో నెల ఫొటోలో తేడా లేదు. నాలుగో నెలలో ఎడమ చెంప మీద నూగు కాస్త పొడుగై, కొసలు నల్లబడ్డాయి. ఎనిమిదో నెలకు ఎడమ చెంప ఖాళీ సగానికి పైగా పూడింది, కుడిది దాదాపు పూడింది. పూడ్చిన వెంట్రుకలు దవడ గడ్డమంత లావు లేవు, కానీ రెండడుగుల దూరం నుంచి చూస్తే ఖాళీ అనిపించదు. మీసానికీ గడ్డానికీ మధ్య గీత అతకలేదు, ఇప్పటికీ అతకలేదు.

ఇందులో మందు వాటా ఎంత, వయసు వాటా ఎంత? ఒక్క మనిషి ఫొటోలు ఆ లెక్క చెప్పలేవు. ఆ ఎనిమిది నెలల్లో వాడికి ఎలాగూ వయసు పెరిగింది. థాయ్‌లాండ్‌లో సగం మందికి ఉత్త ద్రావణం ఇచ్చింది ఈ ముడి విప్పడానికే. వీడియోల్లో కనిపించే ముందు, తర్వాత ఫొటోలకు ఆ రెండో గుంపు ఉండదు. మందు ఆపిన నాలుగు నెలలకు మా వాడి చెంప కొంచెం పలచబడింది, చాలావరకు నిలిచింది. బాగా నల్లబడి లావెక్కిన వెంట్రుకలు నిలిచాయి, సగంలో ఉన్నవి వెనక్కి వెళ్లాయి అని నేను గమనించింది.

సూదుల రోలర్‌ గురించి కూడా అడుగుతుంటారు. ముంబయి డాక్టర్లు 2013లో బట్టతల ఉన్న వంద మంది మీద ప్రయత్నించి, వారానికోసారి సూదుల రోలర్‌ వాడి మినాక్సిడిల్‌ పూసిన గుంపుకు ఒక్క మినాక్సిడిల్‌ గుంపుకన్నా ఎక్కువ జుట్టు వచ్చిందని చూపించారు. అది నెత్తి, అది ఆసుపత్రి. మొటిమలున్న చెంప మీద, ఒకరు వాడిన రోలర్‌ మరొకరు వాడుతూ హాస్టల్‌ గదిలో చేస్తే చీము పట్టడం, నల్లమచ్చలు పడటం ఖాయం. సూదులు గుచ్చిన వెంటనే మందు పూస్తే మంటతోపాటు రక్తంలోకి ఎక్కే మోతాదూ పెరుగుతుంది.

పూతే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, ఇది పుట్టుకతో బీపీ మందు. గుండె దడ, కళ్లు తిరగడం, కాళ్లు లేదా ముఖం ఉబ్బడం కనిపిస్తే ఆ పూటే ఆపి డాక్టరుకు చూపించాలి. పసిపిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త. మందు పూసుకున్న తండ్రుల చర్మం తగిలిన పసికందులకు ఒళ్లంతా వెంట్రుకలు మొలిచిన కేసులు యూరప్‌లో నమోదయ్యాక, అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2024లో హెచ్చరిక చేర్చమంది. తాకుడు ఆగాక ఆ పిల్లలు మామూలయ్యారు. పిల్లి నాకితే మాత్రం దాని ప్రాణానికే ముప్పు, చాలా కొద్ది మోతాదు చాలు.

కిందటి నెల మా అక్క ఫోన్‌ చేసింది. పెద్దవాడు వదిలేసిన సగం డబ్బా చిన్నవాడి బ్యాగులో దొరికిందట. వాడికి 17, ఇంటర్‌ రెండో ఏడాది. పైపెదవి మీద ఇప్పుడిప్పుడే నలుపు తిరుగుతోంది. పద్దెనిమిది నిండని పిల్లలకు ఈ మందు వాడకూడదు. వాళ్ల గడ్డం ఆగిపోలేదు, ఇంకా దారిలో ఉంది. ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఒకసారి బాత్రూమ్‌ షెల్ఫు చూడండి, సీసా దొరికితే కోప్పడకుండా పక్కన కూర్చుని పాత ఆల్బమ్‌ తెరవండి.